పెద్ద బిల్లు చేసినవాళ్లా, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లా: షీట్ చూసి ముందు ఎవరికి ఫోన్ చేయాలి

తిరుపతిలో చీరల షాపు నడిపేవాళ్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గాంధీ రోడ్డు చుట్టుపక్కల ఏ చిన్న షాపు బిల్లులు తీసి చూసినా పెద్ద మొత్తాల్లో చాలా వాటి పక్కన చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ అని ఊరి పేరు కనిపిస్తుంది. దర్శనం చేసుకుని, రైలుకి టైమ్ ఉందని షాపులోకి వచ్చి, ఒకేసారి పది చీరలు తీసుకుని వెళ్లిపోయినవాళ్లు. వాళ్ల పక్కనే కొర్లగుంట నుంచో భవానీ నగర్ నుంచో రెండు నెలలకోసారి వచ్చి రెండు వేల చీర తీసుకునేవాళ్లు ఉంటారు. ఏడాది చివర "మన బెస్ట్ కస్టమర్లు ఎవరు" అని మొత్తం కాలమ్‌ని పెద్దది నుంచి చిన్నదానికి సార్ట్ చేస్తే మొదటి వరుసలు బయటివాళ్లతో నిండిపోతాయి, ఓనరు వాళ్లందరికీ మెసేజ్‌లు పంపిస్తాడు, ఎవరూ రారు, ఈ షీట్ల గోల మనకు పనికిరాదని వదిలేస్తాడు. తప్పు షీట్‌ది కాదు, అడిగిన ప్రశ్నది.

నేను చిన్న షాపుల లెక్కలు చూస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. ఒకే కొనుగోలు చరిత్ర నుంచి మంచి కస్టమర్లని వెతకడానికి నాలుగు దారులు ఉన్నాయి: మొత్తం డబ్బు, ఎన్నిసార్లు వచ్చారు, ఆ రెండింటికీ ఎంత ఈమధ్య వచ్చారన్నది కూడా కలిపి మార్కులు వేయడం, వాళ్ల సొంత విరామం చూడడం. నాలుగింటినీ ఒకే షీట్ మీద పెట్టి పోలుస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: ఈ రోజు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకోవడానికి నాలుగోదే పనికొస్తుంది, మిగతా మూడూ వేరే పనులకి.

షీట్ అసలు అవసరమా

ముప్పై నలభై మంది పాత కస్టమర్లతో నడిచే షాపుకి నోటుబుక్కు చాలు, ఓనరమ్మకి అందరూ గుర్తుంటారు. రెండొందలు దాటితే గుర్తుండరు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారు, నిజమే, అందులోంచి సేల్స్ రిపోర్టుని ఎక్సెల్‌లోకి దింపుకోవచ్చు కూడా. కానీ మన షాపుల్లో కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నప్పుడు ప్రతి బిల్లూ "క్యాష్" అనే ఒకే పేరు మీద కొట్టేస్తారు, అప్పుడు ఆ రిపోర్టులో ఏ మనిషి చరిత్రా ఉండదు. ముందు ఒక నెల బిల్లులు తెరిచి ఎన్నింటి మీద ఫోన్ నంబరు ఉందో చూడండి. సగానికి పైగా ఉంటే దింపుకోండి, లేకపోతే ఈ రోజు నుంచి గూగుల్ షీట్‌లో చేత్తో రాయడం మొదలుపెట్టడమే మేలు.

మొదటి ట్యాబ్‌కి `Bills` అని పేరు పెట్టండి. A కాలమ్‌లో తేదీ, B లో ఫోన్ నంబరు, C లో పేరు, D లో మొత్తం, E లో ఏం కొన్నారు, F లో ఒక చిన్న మాట: ఎవరికోసం, ఏ సందర్భం, ఏ ఊరు. ఒకసారి షాపుకి వస్తే ఒక వరుస. వాపసు ఇస్తే దాన్ని పాత వరుసలో కొట్టేయకండి, కొత్త వరుసలో మైనస్ మొత్తంతో రాయండి, F లో కారణం రాయండి. ఈ ఒక్క అలవాటు ఎంత పనికొస్తుందో కింద కనిపిస్తుంది.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. `File` లో `Settings` కి వెళ్లి `Locale` ని India కి మార్చండి, లేదంటే 05/03 అని మీరు మార్చి అయిదు రాస్తే షీట్ దాన్ని మే మూడు అనుకుంటుంది, 25/03 లాంటివాటిని అసలు తేదీగానే తీసుకోదు. తేదీ అంకెలు సెల్‌లో కుడివైపుకి ఒరిగి ఉంటే షీట్ దాన్ని తేదీగా గుర్తించినట్టు, ఎడమవైపుకి ఉంటే మామూలు అక్షరాలుగా చూస్తున్నట్టు. రెండోది ఫోన్ నంబరు. ఒకసారి +91 తో, ఒకసారి మధ్యలో ఖాళీతో, ఒకసారి మామూలుగా రాస్తే ఒకే మనిషి ముగ్గురవుతుంది. పాత డేటా అలా ఉంటే పక్కన ఖాళీ కాలమ్‌లో ఇది పెట్టి, వచ్చినదాన్ని విలువలుగా B లో పేస్ట్ చేసుకోండి:

```
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(B2),"\D",""),10)
```

ఫార్ములా సరిచేయలేని చిక్కు ఒకటి ఉంది. చీర ఎంచుకునేది ఆవిడ, ఫోన్‌పే చేసేది ఆయన, కౌంటర్‌లో కుర్రాడు ఆయన నంబరే అడిగి రాసుకుంటాడు. వచ్చేసారి ఆవిడ చెల్లెలితో వస్తుంది, ఆవిడ నంబరు పడుతుంది. ఇప్పుడు ఒక మంచి కస్టమర్ ఇద్దరు మామూలు కస్టమర్లుగా చీలిపోయింది. అందుకే డబ్బు ఎవరిచ్చినా "అమ్మా, చీరలు తీసుకునేది మీరే కదా, మీ నంబరు ఇస్తారా, కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్తాం" అని అడగమనండి. ఇష్టం లేదంటే బలవంతం వద్దు. నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తాం అనే పద్ధతి కూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో షాపులకి చెప్పింది కూడా.

అయిదుగురు మనుషులు, నాలుగు లెక్కలు

పోలిక తెలియాలంటే మనుషులు కావాలి. శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి కాటన్ అమ్మే ఒక చిన్న షాపు అనుకోండి, షీట్ 2024 జనవరిలో మొదలైంది, ఈ రోజు జూలై 1, 2025. అందులోంచి అయిదుగురిని తీసుకుందాం.

చెన్నై పెళ్లివాళ్లు: ఒకే బిల్లు, 2025 ఫిబ్రవరి 9న, 64,000 రూపాయలు.

డాక్టరమ్మ: నాలుగుసార్లు వచ్చింది, మొత్తం 38,000. మొదటిసారి 2024 మార్చి 20, చివరిసారి ఈ ఏడాది మే 14.

చిత్తూరు నుంచి వచ్చే ఆవిడ: మూడుసార్లు, మొత్తం 21,000. 2024 జనవరి 10, ఆగస్టు 12, మళ్లీ 2025 జనవరి 11.

భవానీ నగర్ టీచరమ్మ: ఏడుసార్లు, వాపసులు పోను 16,800. మొదటిసారి 2024 ఏప్రిల్ 15, చివరి కొనుగోలు 2025 జనవరి 10.

టైలరమ్మ: బ్లౌజ్ పీసులు, లైనింగ్ బట్ట కొంటుంది. పంతొమ్మిదిసార్లు, మొత్తం 11,400. మొదటిసారి 2024 జనవరి 8, చివరిసారి మొన్న జూన్ 18.

మొత్తం డబ్బు ప్రకారం చూస్తే చెన్నైవాళ్లు మొదట, టైలరమ్మ చివర. ఎన్నిసార్లు వచ్చారో చూస్తే దాదాపు తలకిందులు, టైలరమ్మ మొదట, చెన్నైవాళ్లు చివర. రెండు లెక్కలూ తప్పు కాదు, కానీ రెండూ గడిచినదాన్నే చెప్తాయి. డబ్బు లెక్క దీపావళికి ఎవరికి స్వీట్ బాక్స్ పంపాలో చెప్తుంది. సార్ల లెక్క షాపుకి అలవాటు పడ్డవాళ్లెవరో చెప్తుంది. ఫోన్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఈ రెండింటిలో ఏదీ సాయం చేయదు.

మూడో పద్ధతిని ఇంగ్లీషులో ఆర్ఎఫ్ఎం అంటారు, పోస్టులో కేటలాగులు పంపి అమ్మే కంపెనీలు కంప్యూటర్లు ఇంతగా రాకముందు నుంచీ వాడిన పాత పద్ధతి. ఎంత ఈమధ్య కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, ఎంత కొన్నారు అని మూడింటికీ ఒకటి నుంచి అయిదు మార్కులు వేసి కలుపుతారు. మన అయిదుగురికీ వరుసక్రమంలో మార్కులు వేస్తే టైలరమ్మకి 5, 5, 1 కలిపి 11. డాక్టరమ్మకి 4, 3, 4 కలిపి అదే 11. చెన్నైవాళ్లకి 3, 1, 5 కలిపి 9. చిత్తూరు ఆవిడకి 2, 2, 3 తో 7, టీచరమ్మకి 1, 4, 2 తో మళ్లీ 7.

ఈ వరుస మొదటి రెండింటికన్నా న్యాయంగానే ఉంది, ఒప్పుకుంటాను. వెయ్యి మంది కస్టమర్లు ఉండి అందరికీ ఒకేలాంటి ఆఫర్ పంపాలనుకుంటే, ఎవరికి పంపాలి, ఎవరిని వదలాలి అని గుంపులుగా విడగొట్టడానికి ఇదే మంచిది. కానీ జాగ్రత్తగా చూడండి, పైన నిలిచిన ఇద్దరూ పిలవకపోయినా వచ్చేవాళ్లు. టైలరమ్మ పదమూడు రోజుల కిందటే వచ్చింది, డాక్టరమ్మ మే నెలలోనే వచ్చింది. ఇక తొమ్మిది నెలల్లోపే ఏడుసార్లు వచ్చి ఉన్నట్టుండి మాయమైన టీచరమ్మ అట్టడుగున ఉంది, ఎందుకంటే "ఈమధ్య రాలేదు" అన్నదాన్ని ఈ పద్ధతి తక్కువ మార్కుగా చూస్తుంది. షాపు ఓనరుకి అదే అన్నిటికన్నా ముఖ్యమైన వార్త. పైగా జనవరి నుంచి రాని చిత్తూరు ఆవిడకీ జనవరి నుంచి రాని టీచరమ్మకీ ఈ లెక్కలో తేడా లేదు, నిజానికి ఇద్దరి సంగతి పూర్తిగా వేరు.

వాళ్ల సొంత విరామం

నాలుగో పద్ధతి చాలా తేలిక. ఒక మనిషి మామూలుగా ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఇప్పుడు వచ్చి ఎన్ని రోజులైంది, రెండోదాన్ని మొదటిదానితో భాగించడమే. పక్కవాళ్లతో పోలిక లేదు, తనకి తనతోనే పోలిక. ఒకటి దగ్గర వస్తే రావాల్సిన టైమ్ అయింది, రెండు దాటితే ఏదో జరిగింది.

`People` అని రెండో ట్యాబ్ తెరిచి, A కాలమ్‌లో ఒక్కో కస్టమర్ ఫోన్ నంబరు ఒక్కసారి, B లో పేరు రాయండి. తర్వాత C నుంచి వరుసగా మొత్తం, ఎన్నిసార్లు, మొదటి తేదీ, చివరి తేదీ, సగటు విరామం, ఎంత ఆలస్యం:

```
=SUMIFS(Bills!D:D,Bills!B:B,A2)
=COUNTUNIQUEIFS(Bills!A:A,Bills!B:B,A2,Bills!D:D,">0")
=MINIFS(Bills!A:A,Bills!B:B,A2,Bills!D:D,">0")
=MAXIFS(Bills!A:A,Bills!B:B,A2,Bills!D:D,">0")
=IF(D2>=3,(F2-E2)/(D2-1),"")
=IF(G2="","",(TODAY()-F2)/G2)
```

తేదీల కాలమ్‌లలో 45000 పైచిలుకు అంకెలు కనిపిస్తే కంగారు పడకండి, ఆ కాలమ్‌ని తేదీ ఫార్మాట్‌కి మారిస్తే సరిపోతుంది. `">0"` అని పెట్టింది వాపసు వరుసలు "వచ్చిన సారి"గా లెక్కలోకి రాకుండా. ఒకే రోజు రెండు బిల్లులు అయితే రెండు సార్లు అని లెక్క తప్పకుండా `COUNTUNIQUEIFS` వాడాం, ఇది గూగుల్ షీట్‌లోనే ఉంది. ఎక్సెల్ వాడేవాళ్లు ఒక రోజు బిల్లుల్ని ఒకే వరుసగా కలిపి రాసుకుని `COUNTIFS` పెట్టుకోండి.

A కాలమ్‌లో నంబర్లు చేత్తో ఎందుకు, `UNIQUE` ఫార్ములా పెడితే వాటంతటవే వస్తాయి కదా అని కొంచెం తెలిసినవాళ్లు అడుగుతారు. వస్తాయి. కానీ ఎవరో `Bills` ని పేరువారీగా సార్ట్ చేసిన రోజు నంబర్ల వరుస మారిపోతుంది, మీరు పక్కన చేత్తో రాసుకున్న నోట్సు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. డాక్టరమ్మ గురించి రాసింది టైలరమ్మ పక్కన చేరుతుంది, ఎవరికీ తెలియదు, ఫోన్ చేసి వేరే ఆవిడ కూతురి పెళ్లి గురించి అడుగుతారు. చేత్తో రాసుకోవడమే క్షేమం. కొత్త నంబరు మర్చిపోకుండా `Bills` లో G కాలమ్‌లో `=COUNTIF(People!A:A,B2)` పెట్టండి, సున్నా కనిపించిన చోట ఆ మనిషి ఇంకా `People` లో చేరలేదని అర్థం.

ఇప్పుడు మన అయిదుగురిని మళ్లీ చూద్దాం. టీచరమ్మ మొదటి కొనుగోలుకీ చివరిదానికీ మధ్య 270 రోజులు, ఏడుసార్లు అంటే మధ్యలో ఆరు విరామాలు, సగటున 45 రోజులకోసారి. ఇప్పుడు వచ్చి 172 రోజులైంది. భాగిస్తే 3.8. డాక్టరమ్మ సగటు 140 రోజులు, వచ్చి 48 రోజులే, 0.3. టైలరమ్మ సగటు 29 రోజులు, వచ్చి 13 రోజులు, 0.4. చిత్తూరు ఆవిడ సగటు దాదాపు 184 రోజులు, వచ్చి 171 రోజులు, 0.9. చెన్నైవాళ్లు ఒక్కసారే వచ్చారు కాబట్టి ఖాళీ, ఏ అంకే రాదు, రాకూడదు కూడా.

జాబితా ఎంత మారిపోయిందో చూడండి. ఈ రోజు ఫోన్ చేయాల్సింది ఒక్క టీచరమ్మకి. డబ్బు లెక్కలో నాలుగో స్థానం, మార్కుల లెక్కలో ఆఖరు.

ఫోన్ తీసే ముందు `Bills` లో ఆవిడ నంబరుతో ఫిల్టర్ పెట్టి వరుసలన్నీ చదవాలి, ఇది తప్పనిసరి. జనవరి 10న చివరి చీర. దాని కింద జనవరి 18న మైనస్ 2,600, F లో "మొదటి ఉతుకులోనే రంగు దిగింది" అని ఉంది. అయిపోయింది, కారణం దొరికింది. వాపసుని పాత వరుసలోనే కొట్టేసి ఉంటే ఈ మాట కనిపించేది కాదు. కరక్కాయ, పాలతో బట్టని తడిపి పటిక వేసి కలంతో గీసిన అసలు కలంకారీకీ, స్క్రీన్ ప్రింట్ వేసి అదే పేరుతో అమ్మేదానికీ ఉతికినప్పుడు తేడా తెలుస్తుంది, టీచరమ్మకి ఏది ఇచ్చారో ఓనరుకి తెలిసే ఉంటుంది. కాబట్టి ఈ ఫోన్‌లో కొత్త సరుకు గురించి ఒక్క మాట కూడా రాకూడదు. సాయంత్రం స్కూలు అయ్యాక, ఓనరే స్వయంగా చేయాలి:

"టీచరమ్మా, నమస్కారం, చీరల షాపు నుంచి. జనవరిలో మీరు వాపసిచ్చిన చీర సంగతి అడుగుదామని చేశాను. ఆరోజు డబ్బులు ఇచ్చేశాం గానీ మిమ్మల్ని సరిగ్గా మాట్లాడించలేదు. ఆ లాట్ మొత్తం తిప్పి పంపించేశాం. ఇంకేమన్నా ఇబ్బంది ఉంటే చెప్పండి."

లాట్ నిజంగా తిప్పి పంపి ఉంటేనే ఆ మాట అనాలి. ఆవిడ "పర్లేదులేమ్మా" అంటే అక్కడితో ఆపేయాలి. షీట్‌లో ఏం మాట్లాడారో, ఎప్పుడు మాట్లాడారో రాసుకోవాలి.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది

చిత్తూరు ఆవిడని చూడండి. సగటు ప్రకారం ఆవిడ రావాల్సింది జూలై రెండో వారంలో. కానీ బిల్లుల తేదీలు చదివితే సంక్రాంతి ముందు, వరలక్ష్మీ వ్రతం ముందు, మళ్లీ సంక్రాంతి ముందు. ఆవిడ రోజులు లెక్కపెట్టుకుని రావడం లేదు, పండగ చూసుకుని వస్తోంది. జూలై రెండో వారం అంటే నిండు ఆషాఢం, అప్పుడు మెసేజ్ పెడితే చూసి వదిలేస్తుంది. 2025లో వ్రతం ఆగస్టు 8న, శ్రావణం జూలై 25న మొదలవుతోంది, కాబట్టి జూలై ఆఖరి వారంలో నాలుగు చీరల ఫోటోలు పంపడం సరైన పని. మన వైపు చీరల వ్యాపారంలో ఇలాంటివాళ్లు చాలామంది ఉంటారు, అందుకే అంకె ఒకటి దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఒక్క నిమిషం పాత తేదీలు చదవండి. విరామాలు దాదాపు సమానంగా ఉంటే సగటుని నమ్మండి. ఒకటి 215 రోజులు, ఇంకోటి 152 రోజులు అని ఎగుడుదిగుడుగా ఉంటే పంచాంగం తెరవండి. డాక్టరమ్మకి సగటు అక్టోబరు 1 అని చూపిస్తుంది, సరిగ్గా దసరాకి ముందు రోజు, అంటే ఆవిడ విషయం సెప్టెంబరు మూడో వారంలోనే చూసుకోవాలి.

మూడుసార్లు కన్నా తక్కువ వచ్చినవాళ్లకి ఈ లెక్క అసలు వద్దు, అందుకే ఫార్ములాలో ఖాళీ వదిలాం. రెండుసార్లు వచ్చినవాళ్లకి ఒకే విరామం ఉంటుంది, అది కాకతాళీయం కావచ్చు. లోకల్‌గా ఉండి ఒకసారే కొన్నవాళ్లకి నెల రోజుల తర్వాత "బ్లౌజ్ కుట్టించారా, చీర బాగా కుదిరిందా" అని ఒక మెసేజ్ చాలు. బయటి ఊరివాళ్లకి, అంటే మన చెన్నై పెళ్లివాళ్లలాంటివాళ్లకి, నెలనెలా తగులుకోవడం అనవసరం. వారం లోపు ఒకసారి చీరలు అందరికీ నచ్చాయా అని అడిగి, కావాలంటే వీడియో కాల్‌లో చూపించి కొరియర్ చేస్తామని చెప్పి వదిలేయడమే. మళ్లీ దర్శనానికి వచ్చినప్పుడు వాళ్లే గుర్తుపెట్టుకుంటారు.

టైలరమ్మ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఆవిడ విషయంలో ఏ లెక్కా నిజం చెప్పదు. పదకొండు వేల మనిషిగా షీట్‌లో కనిపిస్తుంది గానీ, ఆవిడ దగ్గర కుట్టించుకునేవాళ్లు "ఈ చీర ఎక్కడ తీసుకోవాలి" అని ఆవిడనే అడుగుతారు. `Bills` లో F కాలమ్‌లో "ఎవరు పంపారు" అని కూడా రాసుకుంటే ఆర్నెల్లలో ఆవిడ అసలు విలువ బయటపడుతుంది. ఆవిడకి ఫాలోఅప్ అంటే కొత్త బ్లౌజ్ పీసుల బేల్ విప్పగానే ముందు ఆవిడకి చూపించడం, "ఇప్పుడు జనం ఏ రంగులు అడుగుతున్నారక్కా" అని కనుక్కోవడం.

ఫోనా, మెసేజా, బ్రాడ్‌కాస్టా

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకేసారి 256 మందిని చేర్చొచ్చు కాబట్టి అందరూ దాని వైపే మొగ్గుతారు. కానీ మీ నంబరుని తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకి మాత్రమే ఆ మెసేజ్ చేరుతుంది. మీకు వాళ్ల నంబరు ఉంటే సరిపోదు. ఒక్కసారి కొని వెళ్లినవాళ్లు షాపు నంబరు ఎందుకు సేవ్ చేసుకుంటారు? పంపిన ప్రతిసారీ ఒక్క టిక్కే పడుతున్నవాళ్లు ఎక్కువగా ఇలాంటివాళ్లే అయి ఉంటారు. కొత్త స్టాకు వచ్చిందని, షాపు ఫలానా రోజు సెలవని చెప్పడానికి బ్రాడ్‌కాస్ట్ సరే. రోజూ శుభోదయం బొమ్మలు పెట్టడానికి మాత్రం వద్దు, మ్యూట్‌లో పెట్టేస్తారు, తర్వాత అసలు విషయం పంపినా చూడరు.

నా లెక్క ఇలా ఉంటుంది. అంకె 0.9 కి, 1.5 కి మధ్య ఉంటే ఒక్కరికే రాసినట్టు మెసేజ్, అందులో వాళ్లు చివరిసారి కొన్నదాని ప్రస్తావన తప్పనిసరిగా ఉండాలి: "మేడం, సంక్రాంతికి మీరు తీసుకున్న ఆకుపచ్చ వెంకటగిరికి జోడీగా మెరూన్ వచ్చింది, ఫోటో పెడుతున్నా, నచ్చకపోతే పర్లేదు." 1.5 దాటి 4 లోపు అయితే ఫోన్, అదీ వరుసలన్నీ చదివాకే. 4 దాటితే ఊరు మారారో, వేరే షాపుకి అలవాటు పడ్డారో, ఒక్క మర్యాద మెసేజ్ పెట్టి జాబితాలోంచి తీసేయండి. ఈ హద్దులు చీరల షాపుకి నేను వాడేవి, వారం వారం సరుకు పోయే కిరాణాకి ఇంకా ముందే కదలాలి.

రోజుకి అయిదుగురికి మించి పెట్టుకోవద్దు. ఇరవై మందికి ఒకే గంటలో చేస్తే పదో మనిషికి వచ్చేసరికి గొంతులో విసుగు వినిపిస్తుంది. `People` లో I కాలమ్‌ని "చివరిసారి మాట్లాడింది" అని, J ని "ఏమన్నారు" అని, K ని "వద్దన్నారు" అని ఉంచుకోండి. K లో ఒక్క మాట పడితే ఆ నంబరుకి మళ్లీ ఏదీ వెళ్లకూడదు, పండగ శుభాకాంక్షలు కూడా. షీట్ లింకుని షాపులో అందరికీ పంపకండి, బిల్లులు రాసే ఒక్కరికీ ఓనరుకీ చాలు, వందలమంది ఆడవాళ్ల పేర్లూ నంబర్లూ అందులో ఉంటాయి.

ఇంకొక్కటి, ఇది చాలామంది చేయరు. ఫోన్ చేసినవాళ్లలో కొందరు వచ్చారంటే ఆ ఘనత అంతా ఫోన్‌ది అనుకుంటాం, కానీ వాళ్లలో కొందరు ఎలాగూ వచ్చేవాళ్లే. నిజం తెలుసుకోవాలంటే మొదటి రెండు నెలలు అంకె 1.5 కి, 4 కి మధ్య ఉన్నవాళ్ల జాబితాలో ఒకరిని వదిలి ఒకరికి చేయండి, అంటే వరుసలో సరిసంఖ్యల్లో ఉన్నవాళ్లకి మాత్రమే. టీచరమ్మలాగా వాపసు కారణం కనిపించినవాళ్లని ఈ పరీక్షలో పెట్టొద్దు, వాళ్లకి ఎలాగైనా చేయాల్సిందే. అరవై రోజుల తర్వాత రెండు గుంపుల్లో ఎంతమంది మళ్లీ `Bills` లో కనిపించారో చూడండి. రెండు గుంపులూ ఒకేలా వచ్చి ఉంటే మీ ఫోన్లలో మాట్లాడే తీరో, ఎంచుకున్న సమయమో మార్చాలి. ఫోన్ చేసిన గుంపు స్పష్టంగా ముందుంటే ఆ పైన మిగతా సగానికీ మొదలుపెట్టండి.